నాలుగున్నర నీడ

అందంగా అబద్ధం చెప్పడమే నా ఉద్యోగం. కాగితం మీద గీతలుగా ఉన్న ఇంటిని కంప్యూటర్‌లో నిలబెట్టి, రాయి రాయిలా, నీళ్లు నీళ్లలా కనిపించే బొమ్మ తీస్తాను. దాన్ని రెండర్ అంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన మా ఆఫీసు. అందులో ఓనర్ నరేష్‌కుమార్, నేను, ఎంత తిట్టినా చల్లబడని ఒక ఏసీ.

డిసెంబర్‌లో బ్రహ్మం గారు వచ్చారు. పోచంపల్లి చీరల వ్యాపారం తమ్ముడికి అప్పజెప్పి, ఎల్‌బీ నగర్‌లో పాత ఇల్లు కొనుక్కున్నారు. ఇంటి వెనక పెరడంతా పాత ఓనర్ వేసిన రేకుల షెడ్డే. అది పీకించి అక్కడ కూర్చునే చోటు కట్టించాలన్నారు. తాండూరు బండల దారి, చిన్న నీళ్ల తొట్టి, వంటకు గట్టు, ఒక రాతి బెంచీ.

"సాయంత్రం నాలుగున్నరకు అక్కడ నీడ ఉండాలె బిడ్డా. మిగిలినయి ఎట్లున్నా నడుస్తది. నీడ మటుకు పక్కా," అన్నారు.

ఎందుకో కూడా చెప్పారు. ఆయన భార్య భూలక్ష్మి గారికి ఎండ పడని జబ్బు. కాసేపు ఎండ తగిలినా మొహమంతా కందిపోయి, నాలుగు రోజులు మంచం దిగలేరు. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. చీకటి పడితే జ్వరం. ఆమె మనిషిలా ఉండేది సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకానే. ఆ రెండు గంటలు కూడా పరదాలు వేసిన గదిలోనే గడిచి రెండేళ్లయింది. ఇంటి ముందు కూర్చుందామంటే గేటు దాకా ఉన్న జాగా అంతా కారుకే సరి. మొహం మీది మచ్చలు చూసి వీధిలో ప్రతి ఒక్కరూ ఆరా తీస్తారు.

నాకు ఇలాంటి మాటలు అంత తేలిగ్గా అంటవు. అయినా ఆ పని మీద మనసు పెట్టాను. బ్రహ్మం గారు ఫోన్‌లో దిక్సూచి పట్టుకుని పెరడంతా తిరిగారు. నీళ్లు ఈశాన్యంలో, పొయ్యి వాయవ్యంలో, వండేవాళ్ల మొహం తూర్పుకి. అన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకుని సరిగ్గా అక్కడే పెట్టాను. బొమ్మలో టైము నాలుగున్నర కొట్టాను. ఇంటి నీడ వచ్చి బెంచీ మీద, బండల మీద చల్లగా పరుచుకుంది. నా పనిని నేనే కాసేపు చూస్తూ కూర్చున్నాను. బెంచీ ఖాళీగా కనిపించకుండా సాఫ్ట్‌వేర్‌లో దొరికే ఒక అమ్మాయి బొమ్మను దాని మీద కూర్చోబెట్టి, వాళ్లకు పంపాను.

భూలక్ష్మి గారు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు. "బెంచీ మీద గా పిల్లెవరో పాంటేసుకోని కూసున్నది. గామెను తీసి నన్ను పెట్టరాదు బిడ్డా?"

పాత ఫోటో పంపారు. నీలం ఇక్కత్ చీర, మొహం మీద ఒక్క మచ్చ లేదు. కత్తిరించి బెంచీ మీద కూర్చోబెట్టాను. బ్రహ్మం గారు దాన్ని పెద్దగా ప్రింట్ తీయించి ఆమె గదిలో గోడకు తగిలించారు. మేస్త్రీలు ఎండ తగలకుండా పెరడంతా పరదా కట్టుకుని నెలన్నర పని చేశారు. ఫిబ్రవరి మొదటి వారంలో పరదా తీశారు.

మర్నాడు సాయంత్రం బ్రహ్మం గారి ఫోన్.

"బిడ్డా, నీడ రాలే. ఎన్ని గంటలకొస్తదన్నవ్?"

"నాలుగున్నరకు అంకుల్."

"ఐదయింది. బండలు కాలుతున్నయ్. నెల మారితే వస్తదేమో కదా?"

"చూసి చెప్తా," అని పెట్టేశాను. ఫైల్ తెరవకముందే నాకు తెలిసిపోయింది.

మన దగ్గర ప్లాను గీసేవాళ్లు రోడ్డును ఎప్పుడూ కాగితం కిందివైపు గీస్తారు. తూర్పు ముఖం ఇల్లు కాబట్టి కింద తూర్పు, పైన ఉన్న పెరడు పడమర. సాఫ్ట్‌వేర్‌కు మన అలవాట్లతో పని లేదు. మనం మార్చి చెప్పకపోతే తెర పైభాగమే ఉత్తరమనుకుంటుంది. దానికి ఆ పెరడు ఉత్తరాన ఉంది. డిసెంబర్‌లో సాయంత్రం సూర్యుడు నైరుతికి వాలతాడు కాబట్టి, ఇంటి నీడ తెచ్చి పెరట్లో పోసింది. పొయ్యికి దిక్కు చూశాం, నీళ్లకు దిక్కు చూశాం. సూర్యుడికి చూడలేదు. చూడాల్సింది నేను.

ఉత్తరం అన్న చోట తొంభై డిగ్రీలు తిప్పాను. నాలుగు సెకన్లు పట్టింది. పెరడంతా ఎండ. బెంచీ మీద నవ్వుతున్న భూలక్ష్మి గారి మొహం మీద కూడా.

నెల మార్చి చూశాను. మార్చి, జూన్, అక్టోబర్. పడమటి పెరట్లో సాయంత్రం పూట ఇంటి నీడ ఏ నెలలోనూ పడదు. ఈ మాత్రం చిన్నపిల్లలైనా చెప్తారు.

నరేష్‌కుమార్ కుర్చీ వెనక నిలబడి అంతా చూశాడు. "ఎండలు ముందే ముదిరినయ్ సార్ అని చెప్పు. పెద్దాయన మంచోడు, నమ్ముతడు."

"నమ్ముతడనే భయం," అన్నాను. నాకు అతని మీద కంటే నా మీదే మంట ఎక్కువగా ఉంది.

మరుసటి రోజు మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగి నడుచుకుంటూ వెళ్లాను. నాలుగున్నర దాటింది. ఇంటి నీడ వీధిలో పడుకుని ఉంది. అందులో రెండు ఆటోలు, ఒక కుక్క హాయిగా ఉన్నాయి. ఆ కుక్కను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

పెరడు నా బొమ్మలాగే ఉంది. మూలన కొత్తగా నాటిన కానుగ మొక్క మోకాలెత్తు ఉంది. తొట్టిలో నీళ్లు గలగలమంటున్నాయి. ఆ నీళ్ల మీది మెరుపుకు కళ్లు తెరవలేకపోయాను. బ్రహ్మం గారు బెంచీ పక్కన గొడుగు పట్టుకుని, ఎండ ఎటు నుంచి రాకుండా ఆపొచ్చో చూస్తున్నారు. కిందికి వాలిన ఎండ గొడుగు కింద నుంచే వస్తోంది.

అన్నీ చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. నెల మారినా రాదని చెప్పాను. ఆయన తిట్టలేదు. గొడుగు మూసి, "ఆ రేకులున్నప్పుడే నీడ ఉండె," అన్నారు మెల్లగా. "నేనే పీకిపిస్తి."

లోపల గదిలో భూలక్ష్మి గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. తలుపు తెరిచే ఉండటంతో అంతా విన్నారు. ఎదురుగా గోడకు నా బొమ్మ.

"మళ్లీ రేకులు వేయిద్దాం ఆంటీ. పడమర వైపు మందంగా తడికలు కట్టిద్దాం. ఎండ రాదు," అన్నాను గబగబా.

"నీడకు రేకులు, ఎండకు తడికలు. అప్పుడది ఇంకో రూమే కదా బిడ్డా. రూమైతే ఇక్కడ్నే ఉంది."

"కానుగ మొక్క పెట్టినరు కదా, పెరుగుతది..."

"పెరుగుతది. నేనుండాలె కదా," అన్నారు. ఆమె గొంతులో కోపమేమీ లేదు. ఉంటే బాగుండేది.

నేను లేస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. వేళ్లు ఉబ్బి వేడిగా ఉన్నాయి.

"ఒక పని చేస్తవా? గా బొమ్మల నుంచి నన్ను తీసెయ్. రోజూ చూస్తుంటే, గామె ఎవరో నా జాగల కూసున్నట్టుంటది. నీడను మటుకు ముట్టకు. గట్లనే ఉంచు. బాగున్నది."

తిరిగి ఆఫీసుకు వచ్చి ఫైల్ తెరిచాను. తొంభై డిగ్రీలను మళ్లీ సున్నా చేశాను. ఇంటి నీడ వచ్చి బెంచీ మీద పరుచుకుంది. నీలం చీర మీద మౌస్ పెట్టి, డిలీట్ నొక్కాను.