కరవని చెప్పు

ఏ జత తొడిగినా ఆయన "బాగుంది" అంటున్నాడు. ఆమెకు ఏడుపొస్తున్నది అందుకే.

మామూలు రోజుల్లో అయితే చెప్పుల కొట్లో ఆ మాట చెప్పే మొగుడు దొరకడం అదృష్టం. కానీ బస్సు కండక్టరైన ఈ మహానుభావుడు ఇదివరకటి చెప్పుల్ని కూడా బాగున్నాయనే అన్నాడు. వాటి పట్టీ ఎడమకాలి చిటికెనవేలిని రోజూ కొరుక్కు తింటుంటే షుగరుతో మొద్దుబారిన కాలికి తెలియనే లేదు. ఇల్లు తుడుస్తూ గచ్చు మీద రక్తపు మరక చూసి ఆమె లబోదిబోమంది. అప్పటికే ఆలస్యమైపోయింది, ఆ వేలు తీసేశారు.

"ఇంకో పుండు పడిందా, ఈసారి వేలితో పోదు" అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. బూట్లు తొడిగితే ఈ ఎండలకు చెమట పట్టి వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని చిట్లింది. వట్టికాళ్లతో గుమ్మం దాటకూడదు. మిగిలిన దారి సాండల్స్ ఒక్కటే. రేపు డ్యూటీలో చేరాలి. సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి కాబట్టి, ఆ ఉబ్బుకు సరిపోయేవే కొనాలని పొద్దువాలాక ఆయన్ను కొట్టుకు తీసుకొచ్చింది.

కొట్టు యజమాని మంచివాడే గాని మాట ఆపడు. ముందు వేలి సందులో పట్టీ ఉన్న జత తీశాడు.

"వేసవికి ఇంతకంటే చల్లటివి లేవమ్మా. గాలాడతాయి."

"వేలి సందులో ఏదీ ఉండకూడదు బాబూ. అక్కడే ఒరుసుకుంటుంది."

వెనక పట్టీ లేని జత తీశాడు. అదీ పనికిరాదు. అలాంటివి కాలివేళ్లతో పట్టి ఈడ్చుకుంటూ నడవాలి, జారిపోయినా ఈయనకు తెలియదు. బస్సులో ఇంజను పక్కన నేల పెనంలా కాలుతుంటుంది. దాని మీద వట్టికాలు పెట్టినా తెలియదు.

తళతళలాడే ప్లాస్టిక్ అడుగున్న జతను ఆమె వేలితో రుద్ది పక్కన పెట్టేసింది. చెమట పడితే పాదం లోపలే జారుతుంది. తోలు జత మెత్తగానే ఉంది గాని పట్టీ లోపలివైపు కుట్టు గరగరలాడింది.

"అంత సూక్ష్మంగా చూస్తే ఎలాగమ్మా? సార్‌ని అడగండి. సార్, ఎక్కడైనా కరుస్తోందా?"

"అబ్బే. హాయిగా ఉంది" అన్నాడు ఆయన.

"దేవుడా" అంది ఆమె.

చివరికి ఒక జత ఆమెకు నచ్చింది. అంటించి విప్పుకునే పట్టీలు మూడు, కాలు ఉబ్బితే వదులు చేసుకోవచ్చు. అడుగు బొటనవేలితో నొక్కితే దిగి, వదలగానే మళ్లీ పైకి లేచింది. కింది అట్ట మందంగా ఉంది, వేడి పైకి రాదు. పాదం వంపు కింద చిన్న ఎత్తు కూడా ఉంది.

"ఆర్చి సపోర్టమ్మా. రోజంతా నిలబడేవాళ్లకు ఇదే ప్రాణం. సార్ పాదం వెడల్పు కదా, ఒక సైజు పెద్దది ఇస్తున్నా."

ఆయన కొట్టంతా తిరిగాడు. పెళ్లికొడుకులా అద్దంలో చూసుకున్నాడు. "ఇంకేం ఆలోచించకు. పువ్వుల మీద నడిచినట్టుంది. కొనేసి పోదాం పద."

ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. డబ్బులు తీయబోతూ, ఎందుకో మనసొప్పక, ఆయన్ను కూర్చోబెట్టి చెప్పు విప్పి పాదం తిప్పి చూసింది.

వంపుకు ముందు, కండ ఉన్న చోట, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. నొక్కితే తెల్లబడలేదు. అలా తెల్లబడని ఎరుపే పుండుకు మొదలని డాక్టరు చెప్పాడు. చెప్పు పొడవు పెరిగేసరికి ఆ ఎత్తు వంపు కిందికి కాక ముందుకు జరిగింది. ఆసరా ఇవ్వాల్సింది కాస్తా గులకరాయిలా గుచ్చుకుంది. ఈ కాస్త నడకకే ఇలాగైతే, డ్యూటీ అంతా నిలబడితే?

"ఇది తెలియలేదా మీకు?"

"కొంచెం తెలిసిందిలే. కొత్త చెప్పులు కదా, సర్దుకుంటాయి."

తెలిసిందట! తెలిస్తే పువ్వుల మీద నడిచినట్టుందని ఎలా అన్నాడు? డ్యూటీలో చేరొచ్చని రాసిచ్చేముందు ఆస్పత్రిలో కళ్లు మూయించి, సన్నటి తీగతో పాదం అక్కడక్కడా తాకి పరీక్ష చేశారు. స్పర్శ కొంత మిగిలే ఉందని రాశారు. ఆ ఒక్క ముక్క పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ ఊపిరి పీలుస్తోంది.

"కళ్లు మూసుకోండి" అంది.

"ఇక్కడా? నలుగురూ చూస్తారే."

"మూసుకోండి అన్నానా! ఇప్పుడు ఏ వేలు తాకుతున్నానో చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించాడు. "బొటనవేలు" అన్నాడు.

ఆమె రెండు చేతులూ తన ఒళ్లోనే ఉన్నాయి.

"ఇప్పుడు?"

"మధ్య వేలు. మెల్లిగా తాకావు."

కొట్టు యజమాని చేతిలోని పెట్టె కింద పెట్టి అటు తిరిగిపోయాడు. ఎంతకీ మూడో ప్రశ్న రాకపోయేసరికి ఆయన కళ్లు తెరిచాడు. ఒళ్లో ముడుచుకున్న ఆ చేతుల్ని చూశాడు.

"ఆస్పత్రిలో కూడా ఇలాగే చెప్పారా?" అంది.

"ఊహించి చెప్పాను, కొన్ని కుదిరాయి" అన్నాడు తలొంచుకుని. "తెలియట్లేదంటే ఇంట్లో కూర్చోబెట్టేస్తారే. బస్సు దిగి నేనేం చేయను? నాకు ఇంకేం వచ్చు?"

"కాలే పోతే ఏ బస్సెక్కుతారు?" ఆమె గొంతు కొట్టంతా వినబడింది. "రేపు డ్యూటీ లేదు, గీటీ లేదు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం. ఏమీ తెలియట్లేదని మీ నోటితోనే చెప్పండి."

"సరేలే" అన్నాడు ఆయన. కండక్టరు గొంతు అంత చిన్నబోవడం ఆమె ఏనాడూ ఎరగదు. కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఇన్నాళ్లూ తను అడిగింది రాయిని. ఎక్కడ కరుస్తోందని రాయిని అడిగి, అది చెప్పిన జవాబు నమ్మింది.

చెప్పులతో ఇంటికి వెళ్లకపోతే మళ్లీ ఆ పాతవే గతి. కన్నీళ్లు తుడుచుకుని చెప్పుల పెట్టె మూత అట్ట అడిగింది. దాని మీద ఆయన్ను నిలబెట్టి పాదం చుట్టూ గీత గీసి కత్తిరించింది. ఇక ఆయన్ను ఒక్క మాట అడగలేదు. జత తెచ్చినప్పుడల్లా ఆ అట్టను లోపల పరిచేది. అంచు మడత పడితే ఇరుకు, పక్కన పెట్టేయడమే. సరిగ్గా పట్టినవాటిలో మోచేతి దాకా చెయ్యి దూర్చినంత పని చేసి, పట్టీల లోపలంతా వేళ్లతో తడిమింది.

కొట్టు యజమాని ఈసారి మాట్లాడకుండా లోపలి గదిలోంచి వెడల్పు రకం తెచ్చాడు. పొడవు ఆయన సైజే. అట్ట మడత లేకుండా కూర్చుంది. వంపు కింది ఎత్తు తక్కువగా, మెత్తగా, సరిగ్గా వంపు ఉన్న చోటే ఉంది. పట్టీల లోపల మెత్తటి గుడ్డ, కుట్టు తగల్లేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తొడిగి, లేని చిటికెనవేలి వైపు పాదం జారకుండా ముందు పట్టీ సర్దింది.

ఆయన గుమ్మం దాకా నడిచి వచ్చాడు. బాగుందనలేదు. స్టూలు మీద కూర్చుని, తనే పట్టీలు విప్పి, పాదాన్ని రెండు చేతులతో ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఎలా ఉందే?" అని అడిగాడు.

ఆమె దీపం వెలుగుకు పాదం తిప్పి చూసింది. మడమ దగ్గర సన్నటి ఎర్ర గీత. నొక్కింది. తెల్లబడి, మెల్లిగా మామూలు రంగుకు వచ్చింది. అయినా ఆమెకు నమ్మకం చాలలేదు. వెనక పట్టీ కొంచెం వదులు చేసింది.

"ఇంకోసారి నడవండి" అంది. "చూసి చెప్తాను."