గోడ మీద గీతలు

నా మనవరాలు ధరణికి మాటలు తక్కువ. నాకూ అంతే. మాణికేశ్వర్ నగర్‌లో ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

వేరే ఊళ్లో ఒక పెద్ద కాలేజీ ఉంది. సీటొస్తే ఫీజు, హాస్టల్ వాళ్లే చూసుకుంటారు. ధరణికి మార్కులు సరిపోయాయి. ఇక తన గురించి ఒక వ్యాసం రాసి పంపాలి. రేపు సాయంత్రానికి గడువు. కాగితం తెల్లగానే ఉంది.

మా బస్తీ పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ముప్పై ఏళ్లు చెట్లకు నీళ్లు పట్టినవాణ్ణి. అక్కడ పీహెచ్‌డీ చేసే పద్మశ్రీ, ఆదివారాలు మా బస్తీ పిల్లలకు చదువు చెబుతుంది. ధరణిని ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. లైబ్రరీ బయట అరుగు మీద కూర్చున్నాం.

"రాయనీకి ఏమున్నదక్కా? నాకేం కాలే," అంది ధరణి.

"అమ్మ పోయింది గద. అది రాయి," అన్నాను. ఏడుపు రాస్తేనే సీటిస్తారని తార్నాక టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారు.

ధరణి తల వంచుకుంది. "అమ్మ గురించి రాయను తాతా."

"వద్దంటే వద్దు," అంది పద్మశ్రీ. "నువ్వెట్ల ఆలోచిస్తవో వాళ్లకు తెల్వాలె. పది నిమిషాలు పెన్ను ఆపకుండ రాయి. ఏం తోచకుంటే తోచలేదనే రాయి."

ధరణి అదే రాసింది, పేజీ నిండా.

"చేతిరాత మాత్రం మంచిగున్నది," అని నవ్వింది పద్మశ్రీ. "ఇప్పుడు నిన్న లేచినకాడి నుంచి గంట గంటకు ఏం చేసినవో రాయి. చిన్నదని ఏదీ వదలకు."

రాసింది. పద్మశ్రీ వేలు ఒక చోట ఆగింది.

"ఐదున్నరకు నల్లా. గోడ మీద గీతలు. ఏం గీతలు ఇవి?"

"నాలుగిండ్లకు ఒకటే నల్లా అక్కా. ఎవలకు ఎన్ని బిందెలు నిండినయో, బిందెకో గీత."

"ఎందుకు?"

"ఆఖరు వంతు పక్కింటి బుచ్చవ్వది. రెండు బిందెలు నిండంగనే నల్లా బంద్. ఆమె చెప్తే ఎవలు నమ్మలే. గీతలు చూపిచ్చిన. ఇప్పుడు వంతు మారుతది. ఈసారి మొదటోళ్లు మళ్లసారి ఆఖరు."

"జల్దీనే ఒప్పుకున్నరా?"

"లే. మూడు నెలలు పట్టింది. నడుమ గీతలు పోయినయ్. మళ్ల మొదటికెళ్లి గీసిన."

"ఎట్ల పోయినయ్?"

ధరణి పెన్నుకు మూత పెట్టి, మళ్లీ తీసింది. నా వైపు చూడలేదు.

మా ఇంటి గోడ పాడు చేస్తోందని తడిగుడ్డతో తుడిచింది నేనే. ఎందుకు గీస్తున్నావని అడగలేదు. ఎందుకు తుడిచావని తనూ అడగలేదు.

"ఇదే రాయి. సక్కగ రాయాలని చూడకు, అయినది అయినట్టు రాయి. దిద్దుడు తర్వాత," అని పద్మశ్రీ లోపలికి వెళ్లింది.

పెన్ను కదిలింది. ఒక పేజీ అయ్యింది. రెండో పేజీ మధ్యలో ఆగింది.

"తాతా, గీతలు ఎట్ల పోయినయో గీడ చెప్పాలె. రాయొచ్చా?"

నేను నీళ్లు పట్టిన చెట్ల వైపు చూశాను.

"రాయి," అన్నాను. "తాత ఒక్కసారి గాదు, రెండుసార్లు తుడిచిండని రాయి."