పేర్లు తీసేసిన తాళాలు

రాంచీలోని ఆ మహిళా కళాశాల హాస్టల్‌కు ఫిలోమినా కుజూర్ వార్డెన్‌గా వచ్చి చాలా ఏళ్లయింది. జూన్‌లో అడ్మిషన్ కాగితాలతోపాటు తల్లిదండ్రులకు వెళ్లే చీటీ ఆవిడే రాస్తుంది. ఈసారి కొన్ని కంపెనీల పేర్లు కూడా రాసింది. పరుపు నారతో చేసిందో, దూదిదో తేవాలి, స్పాంజిది వద్దు. ఇనప మంచం పట్టీల మధ్య స్పాంజి రెండు నెలల్లో కుంగిపోతుంది. బకెట్ నీల్‌కమల్‌దో, దానంత మందంగా ఉండేదో కావాలి. చలికాలంలో వేడినీళ్లు మేడ మెట్లెక్కించాలి మరి. కిందటేడు ఒకమ్మాయికి పిడి ఊడి పాదం కాలింది. తాళం మాత్రం గోద్రెజ్‌దో లింక్‌దో, మూడు చెవులున్నదే. ఒక చెవి ఆఫీసులో ఇచ్చి తీరాలి.

హజారీబాగ్ నుంచి కూతురు రిమ్‌ఝిమ్‌ను చేర్చడానికి వచ్చిన కాంట్రాక్టర్ సహాయ్ ఆ చీటీ పట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాడు. బజారులో ఏ దుకాణం వాడు ఈవిడకు వాటా ఇస్తున్నాడో కనుక్కోమన్నాడు. ప్రిన్సిపాల్ ఫిలోమినాను పిలిచి పేర్లు తీసేయమన్నాడు.

"చవక తాళాలన్నీ ఒకే అచ్చులో పోసినవి సర్. ఒకదాని చెవి ఇంకోదానికి పడుతుంది," అందావిడ.

"అయితే గట్టి తాళం అని రాయండి. మనకెందుకు ఈ గొడవ?"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. అయినా కొత్త చీటీలో 'గట్టి పరుపు, గట్టి బకెట్, గట్టి తాళం' అనే రాసింది. అమ్మే ప్రతివాడూ తన సరుకు గట్టిదనే చెబుతాడని ఆవిడకు తెలియనిది కాదు.

ఆగస్టు వచ్చేసరికి పరుపులు కుంగాయి. పిడి ఊడిన బకెట్లు స్నానాల గది బయట ఒకదాని మీద ఒకటి చేరాయి.

ఒకరోజు గుమ్లా వైపు పల్లెటూరి పిల్ల సలోమీ తిర్కీ కాలేజీ నుంచి వచ్చి, వసారాలో వరసగా ఉన్న బీరువాల్లో తనదనుకుని పక్కది తీసింది. చెవి తిరిగింది, తలుపు తెరుచుకుంది. లోపల తనవి కాని బట్టలు. వెంటనే మూసేసి, వెళ్లి రిమ్‌ఝిమ్‌కు తనే చెప్పింది, నా చెవితో నీ తాళం వచ్చేసింది, మార్చుకో అని. వారం తిరక్కుండా రిమ్‌ఝిమ్ చేతిగడియారం కనబడకుండా పోయింది. అప్పుడా మాటే సాక్ష్యమైంది. మెస్సులో సలోమీ కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది.

సహాయ్ వచ్చి ఆ పిల్లను హాస్టల్ నుంచి పంపేయమన్నాడు. ఫిలోమినా ఆయన్నూ ప్రిన్సిపాల్‌నూ వసారాలోకి తీసుకెళ్లింది. అమ్మాయిలను పిలిచి చెవులు అడిగి, ఒక్కొక్కటే పక్క తాళాల్లో పెట్టి తిప్పింది. సగానికి పైగా తెరుచుకున్నాయి. వాటిలో ఒకటి తెరిచింది రిమ్‌ఝిమ్ చెవే.

"మీ అమ్మాయి చెవితో ఇంకొకరి బీరువా వచ్చింది. మీ అమ్మాయినీ పంపేయమంటారా?"

సహాయ్ ముఖం ఎర్రబడింది. "ఇంత తెలిసినవారు ఏ కంపెనీ తాళం కొనాలో ముందే చెప్పొద్దా మేడమ్? మాకేం తెలుస్తుంది?"

ఫిలోమినా ప్రిన్సిపాల్ వైపు చూసింది. ఆయన తాళం కప్ప చేతిలో తిప్పుతూ, కాలేజీయే తాళాలు కొంటుంది, కొటేషన్లు పిలుద్దాం, దసరాలోగా అయిపోతుంది అన్నాడు. సలోమీ గురించి ఎవరూ ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది. ఈ పిల్లకు క్షమాపణ చెప్పాలి అంది. సహాయ్ ఆలస్యమవుతోందని కారెక్కాడు. గడియారం దొరకనే లేదు.

ఆ సాయంత్రం ఫిలోమినా సలోమీని తన గదికి పిలిచి, కొన్నాళ్లు ఇంటికి వెళ్లి రమ్మంది.

"వెళ్లను మిస్. ఇప్పుడెళితే నేనే తీశానని ఖాయం చేసేస్తారు."

"ఇక్కడుంటే రోజూ ఆ చూపులు పడాలి కదమ్మా."

"పడతాను."

తాళాల విషయంలో ఫిలోమినా మాట నెగ్గింది, అది నెగ్గి ఈ పిల్లకు ఒరిగిందేమీ లేదు. ఇద్దరూ కలిసే మెస్సుకు నడిచారు. అన్నం, పప్పు, మెదిపిన ఆలూ చోఖా వడ్డించుకుని సలోమీ ఎప్పటిలా చివరి బల్ల వైపు వెళ్లింది. రిమ్‌ఝిమ్ తల ఎత్తకుండానే, పక్కన చోటిస్తూ తన కంచం కాస్త జరిపింది. సలోమీ ఆగి చూసింది. అయినా వెళ్లి చివరి బల్ల దగ్గరే కూర్చుంది. వార్డెన్ సలోమీని తప్పుపట్టలేకపోయింది.