గడ్డం మీది చుక్కలు

మా ఆయన జయరాజ్‌తో వేగడం కష్టం. ఎదుటివాళ్ళ బాధ సగం వినకముందే పరిష్కారం చెప్పేస్తాడు. పెళ్ళయిన కొత్తలో పుట్టింటి మీద బెంగగా ఉందంటే, డోన్‌కు బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో చెప్పాడు. బెంగ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

నందికొట్కూరులో మా ఇంటి ముందు గదే ఆయన ఫోటో స్టూడియో. ఆరోజు నేను అన్నం గిన్నెతో వచ్చేసరికి, ఉరుకుందన్న గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. చంకలో ఫ్రేము కట్టిన ఫోటో. పోయిన నెలలో, చనిపోయిన భార్య పాత ఫోటో ఇచ్చి పెద్దది చేయించుకున్నాడు.

"ఏమప్పా, ఎవురీమె? నా పెండ్లాం యాడ?"

"కొత్తది వేసిస్తాలే అన్నా. దుడ్లేమీ వద్దు."

"దుడ్ల కోసం వచ్చినానా నేను?" గొంతు ఇంకా లేచింది.

మా ఆయన ఇంకేదో అనబోతుంటే గిన్నె ఆయన చేతిలో పెట్టాను. నోరు మూయించడానికి అంతకంటే మర్యాదైన దారి దొరకలేదు.

"రాన్నా, లోపలికి రా. ఎండన పడి మళ్ళీ రావాల్సి వచ్చింది నీకు. కోపం రాకేం చేస్తాది?"

కుర్చీ ఫ్యాను కిందికి జరిపాను. నీళ్ళు వద్దన్నాడు. చెంబు పక్కనే పెట్టి ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి తనే తీసుకుని తాగాడు.

"నేనెప్పుడూ వదినను చూడల్యా. ఎట్లుండేదన్నా?"

ఉరుకుందన్న ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని, గాజు మీద వేలు ఆనించాడు.

"ఈడ, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలుండె. చిన్నప్పుడు జాతరలో పొడిపించుకునిందంట. నన్ను తిట్టేటప్పుడు ఆ చుక్కలు అదిరేవమ్మా. ఏం తిడతాండాదో వినేది వదిలేసి వాటినే చూస్తాంటి. అందుకు ఇంకా తిట్టేది." నవ్వబోయి ఆగిపోయాడు. "ఇంట్లో ఒక్క మాట ల్యా ఇప్పుడు. పొద్దున్నే ఈ ఫోటో ముందు నిలబడితే, ఎవురో తెల్లటామె మా ఇంటికొచ్చి నన్ను చూసి నవ్వుతాండాది. మా ఆమె ఫోటోకైనా నవ్వల్యా. నాకు ఆ మొగమే కావాలమ్మా."

మా ఆయన గిన్నె పక్కన పెట్టాడు. అందరి మొహాలూ తెల్లగా, మచ్చలేకుండా చేసివ్వడం ఆయన అలవాటు. పెదవుల చివరలు కాస్త పైకి లాగడం అదనపు సేవ. కంప్యూటరులో ఆ పాత ఫోటో తెరిచాడు. దాన్ని ముట్టుకోకుండా విడిగానే దాచాడు, అంతవరకు నయం. నల్లటి మొహాన్ని పెద్దది చేసుకుంటూ పోతే, గడ్డం దగ్గర మసకగా మూడు నీడలు కనిపించాయి.

ఉరుకుందన్న కుర్చీలోంచి లేచి తెర దగ్గరకు వంగాడు. వేలు పెట్టబోయి, పెట్టకుండా అలాగే ఉండిపోయాడు.

"ఇట్లనే చూసేది," అన్నాడు మెల్లగా.

మా ఆయన తెర వైపు, తర్వాత ఉరుకుందన్న వైపు చూశాడు. మళ్ళీ ఏ పరిష్కారం చెప్పేస్తాడోనని నేను చెంబు చేతిలోకి తీసుకున్నాను.

"నాదే తప్పన్నా," అన్నాడు. "మరకలనుకుని చెరిపేసినా. నిన్నొక మాట అడగాల్సింది."