శుక్రవారం నాడు ట్రయల్

వెంకటనర్సమ్మ మిర్యాలగూడలో చిన్న టైలర్ షాపు నడుపుతుంది. రైస్ మిల్లు చంద్రకళమ్మ కూతురు రూప పెళ్లి జాకెట్లన్నీ ఆమెకే అప్పగించారు. రాని బాకీలతో వేగి వేగి, ఈసారి ఒప్పుకునే ముందే కాగితం రాసిచ్చింది.

‘‘మొత్తం కుట్టుకూలి, మగ్గం పని కలిపి ఇరవై నాలుగు వేలు. సగం ఆర్డర్ రోజు అడ్వాన్సు. ఆ డబ్బుతో లైనింగు, దారాలు, పూసలు కొంటాను. ఆరు వేలు శుక్రవారం ట్రయల్ నాడు ఇవ్వాలి. అది మగ్గం పనివాడి కూలి. మిగతా ఆరు వేలు సోమవారం బట్టలు తీసుకునేటప్పుడు, బిల్లు చూసి ఇవ్వాలి.’’

కొత్త బట్ట ఒంటిమీద వేసుకోవడానికి మంచిదని శుక్రవారం పెట్టింది. అడ్వాన్సు ఆర్డర్ రోజే చేతికొచ్చింది.

చంద్రకళమ్మ ఇంట్లో ట్రయల్ బాగా జరిగింది. రూప అద్దం ముందు నుంచి కదలలేదు. చంద్రకళమ్మ జాకెట్ల అంచులకు పసుపు పెట్టింది.

‘‘అమ్మా, గా ఆరు వేలు...’’

‘‘శుక్రారం పూట పైసలడుగుతవేందే నర్సమ్మా! లక్ష్మిని గడప దాటిస్తమా?’’

‘‘ఫోన్ల ఎయ్యిండ్రి. ఫోనుకు గడప ఏడుంటదమ్మా?’’

రూప కిసుక్కున నవ్వింది. చంద్రకళమ్మ నవ్వలేదు.

‘‘బ్యాంకుల ఉన్నది లక్ష్మి కాదా? రేపు హైదరాబాద్ పోయి ముందుగాల బంగారం కొనాలె. పెళ్లి ఖర్చుల అదే పెద్దది. సోమారం వచ్చి మొత్తం ఒక్కపారి ఇస్త. కాగితం రాసిచ్చింది నువ్వే, శుక్రారం పెట్టింది నువ్వే.’’

వెంకటనర్సమ్మ జాకెట్లు సర్దుకుంది. ఆ ఇంట్లో శుక్రవారం డబ్బు తీయరని తెలిసి కూడా మర్చిపోయింది.

ముహూర్తం జాకెట్టు ఒక్కటి ఇంకా మగ్గం మీదే ఉంది. వెనకభాగం అయింది, చేతులు మిగిలాయి. అవి అందితే గానీ తాను కుట్టలేదు. మగ్గం దస్రుది. నేరుగా అతని దగ్గరికే పోయింది.

‘‘సోమారం ఇస్త దస్రన్నా.’’

‘‘సోమారం దాక ఏం తినాలె, పూసలా? పైసలు రాకుంటే తెల్లారి కోదాడోళ్ల చీర ఎక్కుతది మగ్గం మీద. వాళ్లు ముందుగాలనే ఇచ్చిన్రు.’’

‘‘పెళ్లిపిల్ల బట్టన్నా!’’

‘‘నా కడుపు కూడా ఉన్నది కదక్కా.’’

సోమవారం ఆ ఒక్క జాకెట్టు లేకపోతే చంద్రకళమ్మ బాకీ ఇవ్వదు సరికదా, అడ్వాన్సు వెనక్కి అడుగుతుంది. షాపుకు తిరిగొచ్చి సొరుగు తీసింది. టీచర్ గీత తన చెల్లెలి పెళ్లికి నిన్ననే ఇచ్చిన అడ్వాన్సు అందులో ఉంది. దానితో కొనాల్సిన లైనింగు బట్ట ఇంకా కొనలేదు. ఆరు వేలు తీసి దస్రుకు ఇచ్చి వచ్చింది.

సాయంత్రం గీత స్కూటీ ఆపి, తలుపు దగ్గర నిలబడింది.

‘‘అక్కా, లైనింగ్ తెచ్చినవా? రంగు సూద్దామని వచ్చిన.’’

‘‘రేపు పోత గీతమ్మా,’’ అంది వెంకటనర్సమ్మ, కత్తెర అందుకుంటూ. కోయడానికి బల్ల మీద బట్ట ఏమీ లేదు.