ఏడో పేజీ కింద సంతకం

ముప్పై రెండేళ్లు గోదావరిఖనిలో బొగ్గుబాయి సర్దారుగా పనిచేశాను. షిఫ్టు మొదలవక ముందే పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందని తేలితేనే సుద్దతో తేదీ, నా పొడి అక్షరాలు రాసేవాణ్ని. కర్ర తగలని చోట ఒక్కనాడూ రాయలేదు. ఈ గొప్ప ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో మా అమ్మాయి డెబోరాకు కంఠతా వచ్చు. అట్లాంటి నేనే గడ్డి తిన్నాను.

డెబోరా పాలిటెక్నిక్‌లో మెకానికల్. చివరి ఏడాది ఆరు నెలలు ఏదో ఒక కంపెనీలో పని నేర్చుకోవాలి. ఊరవతల ఒక ప్రైవేటు వర్క్‌షాపు దొరికింది. బాయిల్లో నీళ్లు తోడే పంపులు అక్కడ బాగుచేస్తారు. "ఒక్క పంపన్న నా చేతులతోని విప్పి మళ్ల బిగించాలె బాపూ" అనేది. దానికి వేరే కోరిక లేదు.

అందుకు విద్యార్థి, కాలేజీ, కంపెనీ కలిసి చేసుకునే ఒప్పందం ఏడు పేజీలు. పిల్లకు అప్పటికి పదిహేడేళ్లే కాబట్టి తండ్రిగా నేనూ సంతకం పెట్టాలి. కాలేజీ ఆఫీసులోనే కూర్చుని వేలు పెట్టి మరీ చదివాను. విద్యార్థి టైముకు రావాలి, హెల్మెట్టు తీయొద్దు, చేసిన పని ఏ రోజుకారోజు పుస్తకంలో రాయాలి. కాలేజీ బీమా చేయించాలి, నెలకోసారి లెక్చరర్‌ను పంపి చూడాలి, మార్కులు వేయాలి. కంపెనీ పని నేర్పే మనిషిని పేరు పెట్టి చూపాలి, కూలీకి బదులు పిల్లను వాడుకోవద్దు, ఏడో పేజీలో రాసిన పనులు నేర్పాలి. వాటిని మార్చాలంటే అందరూ మళ్లీ సంతకాలు పెట్టాలి.

మంచి కాగితమే అనుకుంటూ ఏడో పేజీ తిప్పాను. పైన గడులు, కింద సంతకాలకు జాగా. గడులన్నీ ఖాళీ.

"పనులేవి సార్?" అన్నాను.

లెక్చరర్ లింగమూర్తి నవ్వాడు. వాళ్ల నాయన నా షిఫ్టులోనే పనిచేసేవాడు. "నన్ను సార్ అంటవేంది కాకా! గవి కంపెనోళ్లు నింపుకుంటరు. అందరు గిట్లనే పెడుతున్నరు. ఇయ్యాల పంపకపోతే సీటు ఇంకోలకు పోతది."

"బాపూ, ఖాళీగున్నది కదా" అంది డెబోరా మెల్లగా.

"మన లింగమూర్తే కదనే, ఏం ఫికర్" అన్నాను. పెట్టేశాను. నేను పెట్టానని అదీ పెట్టింది.

ఆరు నెలలూ దాన్ని స్టోరు గదిలో కూర్చోబెట్టారు. బోల్టులు సైజుల వారీగా సర్దడం, డబ్బాలకు చీటీలు అంటించడం. పిచ్చిపిల్ల, అదే నిజాయితీగా రోజూ పుస్తకంలో రాసింది. నేర్పాల్సిన మనిషి వారం వారం దాని కింద సంతకం గీకాడు. లింగమూర్తికి ఫోన్ చేస్తే "నేనే వస్త కాకా, మాట్లాడుత" అన్నాడు. రెండుసార్లు వచ్చాడు. మేనేజరు గదిలో చాయ్ తాగి, చూసినట్టు రాసి పోయాడు. మా కాపీ అడిగితే పంపిస్తామన్నారు, పంపలేదు.

చివరి పరీక్షకు బయటి నుంచి ఒకాయన వచ్చాడు. పంపు ముందు నిలబెట్టి, పానా చేతికిచ్చి, విప్పమన్నాడు. ఏ బోల్టు ఏ సైజో డెబోరా టకటకా చెప్పిందట. విప్పడం మాత్రం చేతకాలేదు. ఫెయిల్. మళ్లీ ఆరు నెలలు.

నా ఒళ్లు మండిపోయింది. ప్రిన్సిపాల్ టేబుల్ మీద గుద్ది, ఒప్పందం తెప్పించమన్నాను. ఆయన నిదానంగా ఏడో పేజీ తీసి నా ముందు పెట్టాడు. గడులిప్పుడు నిండుగా ఉన్నాయి. విడిభాగాల గుర్తింపు. నిల్వల నిర్వహణ. రికార్డుల తయారీ. మీ అమ్మాయి పుస్తకంలో రాసింది కూడా ఇదే కదా, కంపెనీ మాట తప్పిందెక్కడ, అన్నాడు.

కింద అందరి సంతకాలూ ఉన్నాయి. అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నది నాదే. లింగమూర్తి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాణ్ని నాలుగు తిట్టాలనే వచ్చాను గానీ, సిగ్గుతో ఆ పేజీ మూసి ప్రిన్సిపాల్ వైపు నెట్టాను.

నెల తర్వాత డెబోరా కొత్త ఒప్పందం తెచ్చింది, ఇంకో వర్క్‌షాపుది. ఏడో పేజీలో పదకొండు పనులు తన చేతిరాతతో ఉన్నాయి. మొదటిదే పంపు విప్పడం. ఒక్కో దాని పక్కన మేనేజరు పొడి సంతకం, తేదీ. వాటి కోసం నాలుగు రోజులు తిరిగిందట.

నేను కళ్లద్దాలు పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీశాను.

"వద్దు బాపూ" అంది. "మొన్ననే పద్దెనిమిది నిండినయి. నీ సంతకం అక్కర్లేదు."

తండ్రి సంతకం పెట్టే చోట అడ్డంగా గీత కొట్టి ఉంది. అక్కడ కూడా తేదీ వేసింది.