ఎనిమిది లెక్కబెట్టే చెయ్యి

కొత్త ఓవెన్ తలుపు తెరిచి బాపు కుడిచెయ్యి లోపల పెట్టాడు. పెదవులు కదుపుతూ నిదానంగా లెక్కబెట్టాడు. ఎనిమిది దగ్గర చెయ్యి తీసి తలుపు వేశాడు.

"కరెక్ట్ ఉన్నది. కేకుకు గింతే వేడి గావాలె. పెట్టుర్రి."

మా బాపు రామ్‌దాస్ బోధన్‌లో ఒకే బేకరీలో ఇరవై ఆరేళ్లుగా మాస్టర్. పాత గ్యాస్ ఓవెన్‌కు మీటర్ ఎప్పుడో పాడైపోయింది. ఎవరూ బాగు చేయించలేదు. బాపు చెయ్యే మీటర్. ఎనిమిది లెక్కకు చెయ్యి ఆగలేకపోతే కేకు వేడి, ఐదుకే ఆగలేకపోతే పఫ్‌ల వేడి. డిగ్రీ పూర్తి చేసి నేను అదే బేకరీ కౌంటర్‌లో చేరాను. పాత ఓవెన్‌లో కేకులు ఒకవైపు ఎర్రగా, ఒకవైపు తెల్లగా వస్తున్నాయని, ఫ్యాన్ ఉన్న ఓవెన్ తీసుకుందామని ఓనర్ గిరిబాబుగారికి చెప్పింది నేనే. ఆ మాట ఎందుకు అన్నానా అని వారం రోజులుగా అనుకుంటున్నాను.

నలభై నిమిషాలకు ట్రే బయటికి వచ్చింది. రుక్మాబాయి అక్క చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ట్రేలు కడిగేదీ, గుడ్లు గిలక్కొట్టేదీ ఆమే.

"అన్నా, ఇది కేకా, ఇటుకనా?"

కేకుల నెత్తి పగిలి గుట్టలా లేచింది. అంచులు మాడాయి. కోస్తే లోపల పొడి పొడిగా రాలింది. వరసగా ఐదో ట్రే.

"మైదా సక్కగ లేదు," అన్నాడు బాపు. నిన్న గుడ్లు సక్కగ లేవన్నాడు. మొన్న వెన్న.

గిరిబాబుగారు ముక్క విరిచి చూశారు. నోట్లో పెట్టుకోలేదు. వేళ్లు రుమాలుతో తుడుచుకుని, నన్ను కౌంటర్ దగ్గరికి రమ్మన్నారు.

"వినీతా, ముప్పై ఒకటో తారీఖుకి ఆరు వందల కేకులు ఒప్పుకున్నాం. ఇవాళ ఇరవై ఏడు. రేపు సాయంత్రానికి ఈ ఓవెన్‌లో ఒక్క ట్రే అయినా సరిగ్గా రావాలి. రాకపోతే నాందేడ్ నుంచి ఒక మాస్టరు వస్తానన్నాడు. మీ నాన్నగారంటే మా నాన్న రత్తయ్యగారికి ఎంత గౌరవమో నీకు తెలుసు. కానీ నాందేడ్ ఆయన వస్తే ఇద్దరు మాస్టర్లెందుకు చెప్పు?"

"సార్, ఒక్క రోజు..."

"రోజే ఇస్తున్నానమ్మా."

లోపల బాపు చాయ్ తాగుతున్నాడు. అప్పుడే పోసిన చాయ్, గాజు గ్లాసు. రుక్మాబాయి అక్క తన గ్లాసును కొంగుతో పట్టుకుని ఊదుకుంటోంది. బాపు మాత్రం పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

"నీ చెయ్యి ఇనుముదా అన్నా?"

"ఇరవై ఆరేండ్ల మంట చూసిన చెయ్యి ఇది," అని నవ్వాడు బాపు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున నేను ముందుగా వచ్చి ఓవెన్‌తో ఇచ్చిన పుస్తకం తీశాను. ఇంగ్లీషులో ఉంది. ఎవరూ విప్పలేదు, దాని ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. నిలబడే చదివాను. మామూలు ఓవెన్ కోసం రాసిన వంటకాన్ని ఈ ఓవెన్‌లో చేసేటప్పుడు వేడిని సుమారు ఇరవై డిగ్రీలు తగ్గించమని ఉంది. టైమ్‌లో ముప్పావు వంతు కాగానే చూడడం మొదలుపెట్టమని ఉంది. రత్తయ్యగారి చేతిరాత నోటుబుక్కులో స్పాంజి దగ్గర నూట ఎనభై, నలభై నిమిషాలు అని ఉంది. అది పాత ఓవెన్ లెక్క. మేం అదే అంకె పెట్టి, అంతే సేపు ఉంచి, ఫ్యాన్ కూడా తిప్పుతున్నాం.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. తలుపు తెరిస్తే ఫ్యాన్ ఆగిపోతుంది.

ఓవెన్ వేసి నూట ఎనభైకి పెట్టాను. వేడెక్కాక తలుపు ముందు నిలబడి విన్నాను. లోపల ఎవరో ఆగకుండా ఊపిరి వదులుతున్నట్టు చప్పుడు. తలుపు తెరిచాను. చప్పుడు టక్కున ఆగింది. వేశాను. మళ్లీ మొదలైంది. వారం రోజులుగా బాపు చెయ్యి పెట్టిన ప్రతిసారీ అది మాట్లాడకుండా ఆగి, చెయ్యి తీయగానే మళ్లీ తన పని తాను చేసుకుపోయింది.

చెయ్యి పెట్టి చూశాను. ఐదుకే మంట తట్టుకోలేక తీసేశాను. బాపుది అలవాటైన చెయ్యి, ఎనిమిది దాకా ఆగుతుంది అనుకున్నాను.

బాపు రాగానే చెప్పాను.

"బాపు, తప్పు నీ చేతిది గాదు. నువ్వు చెయ్యి వెట్టినప్పుడు ఫ్యాన్ ఆగుతది. తలుపు ఏసినంక తిరుగుతది. ఎండకాలం నీడల నిలవడితే ఎట్లుంటది, వడగాలి కొడితే ఎట్లుంటది? వేడి ఒక్కటే. గాలి గొట్టేవరకు ఒళ్లు కాలిపోతది. కేకుకు గూడ గంతే."

"చదువుకున్నదానివి, నాకు ఓవెన్ నేర్పుతున్నవా?"

"ఒక్క ట్రే నా లెక్క పెట్టనియ్యి."

"ఎంత తగ్గిస్తవు?"

"నూట ఎనభైకి నూట అరవై. నలభైకి ముప్పై కాంగనే చూస్త."

"నూట అరవైల కేకు లేస్తదా? సన్నికల్లు లెక్క కూసుంటది." కానీ పిండి కలిపి ఇచ్చాడు. ఆ కలపడంలో ఆయన చెయ్యి తిరుగుడు ఎప్పటిలానే ఉంది.

ట్రే చుట్టూ గాలి ఆడేలా సందు వదిలి పెట్టాను. ఇరవై నిమిషాలకు రుక్మాబాయి అక్క తలుపు మీద చెయ్యి వేసింది.

"తెర్వకు అక్కా! కేకు కుంగుతది. అద్దంలకెళ్లి చూడు."

"అరే, చూస్తే గూడ కోపమేనా నీకు? అచ్చం మీ బాపులెక్కనే ఉన్నవు."

ముప్పై నిమిషాలకు తెరిచి సన్న పుల్ల గుచ్చాను. తడి అంటింది. ముప్పైకి తీసెయ్యాలని కాదు, ముప్పైకి చూడాలని మాత్రమే రాసి ఉంది అని నాకు నేను చెప్పుకుని తలుపు వేశాను. మరో నాలుగు నిమిషాలకు పుల్ల శుభ్రంగా వచ్చింది. కేకు నెత్తి సమంగా, అన్ని మూలలా ఒకే రంగులో ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది.

గిరిబాబుగారు ఈసారి రెండు ముక్కలు తిన్నారు.

"ఇంకేం మాస్టారూ! నాందేడ్ దాకా ఎందుకు మనకి? వినీతా, ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పెయ్యి."

బాపు గోడకున్న టవల్ తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

నేను అట్ట మీద పెద్ద అంకెలు రాసి ఓవెన్ పక్కన అంటించాను. స్పాంజి: పాతది నూట ఎనభై, కొత్తది నూట అరవై, ముప్పైకి చూడాలి. పఫ్‌లు: పాతది రెండు వందల ఇరవై, కొత్తది రెండు వందలు. బాపు ఆ అట్టను కాసేపు చూసి, ఓవెన్ వైపు తిరిగాడు.

"నీ అంకెలు మంచిగనే ఉన్నయి బిడ్డ. గని నా చెయ్యి గూడ తప్పు జెప్పలె. సూడు, నూట అరవై గూడ చేతికి కరెక్ట్‌గనే తెలుస్తది."

తలుపు తెరిచి చెయ్యి పెట్టాడు. ఫ్యాన్ చప్పుడు ఆగింది. వంటగది ఒక్కసారి నిశ్శబ్దమైంది. "ఒకటి... రెండు..." మొహంలో ఏ మార్పూ లేదు. "ఏడు... ఎనిమిది." తీశాడు. "సూసినవా? కేకు వేడి."

నేను తల ఊపబోయి, రుక్మాబాయి అక్క ముఖం చూసి ఆగాను. ఆమె కళ్లు ఓవెన్ మీటర్ మీదే ఉన్నాయి. సాయంత్రపు పఫ్‌ల కోసం ఆమే అప్పటికే వేడి మార్చింది. అట్ట చూసే మార్చింది.

మీటర్ మీద రెండు వందలు వెలుగుతోంది.

"బాపు."

"ఏంది?"

"చెయ్యి చూపియ్యి."

తీసేటప్పుడు లోపలి కమ్మీ తగిలినట్టుంది. చూపుడువేలి నుంచి మణికట్టు దాకా ఎర్రటి గీత. అంచున చర్మం తెల్లగా ముడుచుకుంటోంది. బాపు కూడా దాన్ని చూశాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు.

నల్లా కింద పెట్టించాను. నీళ్లు పడుతున్నా ఆయన అబ్బా అనలేదు. మోచేతి కింద పాత మచ్చలు కొన్ని నల్లగా, కొన్ని ఇంకా గులాబీ రంగులో ఉన్నాయి. ఇన్ని రోజులు పని మచ్చలే అనుకున్నాను.

"ఎప్పటిసంది బాపు?"

"షుగర్ ఎక్కువైనంక. రెండేండ్లు గావస్తున్నది." గొంతు తగ్గించాడు. "మొదలు చేతి ఏళ్ల కొసలు మొద్దుబారినయి. ఇప్పుడు చెయ్యంత."

"మరి ఎనిమిది ఎట్ల లెక్కబెడ్తున్నవు?"

"నోటితోని. ఎనిమిది గాంగనే తీస్త."

"పాత ఓవెన్ల మరి...?"

"దాని నాబ్ ఎక్కడ తిప్పితే ఎంత మంట అస్తదో నాకు ఎరుకే కద బిడ్డ. చెయ్యి పెట్టకపోతే వీళ్లు మాస్టర్ అంటరా?"

పాత ఓవెన్ రోజూ ఒకేలా ఉండబట్టి ఆ లెక్క ఎవరికీ దొరకలేదు. దాన్ని తీయించింది నేను. ఇక మూడు రోజుల్లో ఆరు వందల కేకులు, ఒకదాని వెనక ఒకటి మండే ట్రేలు. తొందరలో ఆయన బట్ట లేకుండా పట్టుకున్నా ఆయనకు తెలియదు. చర్మం కాలిన వాసన మాకు వచ్చాకే ఆయన చూసుకుంటాడు.

"సేటుకు చెప్పకు," అన్నాడు బాపు. "నీ అట్ట ఉన్నది గద. అంకె చూసి పెడ్త. ఇగ చెయ్యి పని ఏమున్నది?"

ఆ మాట నిజమే. వేడి చూడడానికి చెయ్యి అక్కరలేదు. కానీ ట్రే తీయడానికి కావాలి. పుల్ల గుచ్చడానికి కావాలి. కేకు నొక్కి చూడడానికి కావాలి. కాలినప్పుడు వెనక్కి రావడానికి, అన్నిటికంటే ముందు, కావాలి.

తలుపు సరిగ్గా వేయలేదేమో, రుక్మాబాయి అక్క నెట్టింది. ఫ్యాన్ మళ్లీ ఊపిరి వదలడం మొదలుపెట్టింది.

ముందు గది నుంచి గిరిబాబుగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నాందేడ్‌కి ఫోన్ చేశావా?"

బాపు నావైపు చూస్తున్నాడు. తడి చెయ్యి గాల్లోనే ఉంది. దాని మీద బొబ్బ లేస్తోంది, మెల్లగా, ఆయనకు తెలియకుండా.

"చేస్తున్న సార్," అన్నాను.

ఫోన్ తీసి నంబర్ నొక్కాను. అవతల రెండుసార్లు మోగింది. బాపు నోటితో లెక్కబెడుతున్నాడని పెదవులను చూస్తే తెలుస్తోంది. ఆరో, ఏడో దగ్గర నాందేడ్ మాస్టర్ ఎత్తాడు.

"అన్నా, బోధన్ బేకరీ నుంచి మాట్లాడుతున్న," అన్నాను. "రేపు పొద్దుగాల ఫస్ట్ బస్సుకే రండి."